‘దు కూ’, ‘ఆఁఫాఁ’ అర్థం కాక ఏడుస్తున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రెంచ్ భాషా పరీక్ష డెల్ఫ్ బీ2 పాసైంది. సెప్టెంబరులో మాస్టర్స్‌కి ఫ్రాన్స్‌లోని లియోన్ వెళ్తోంది. అక్కడి ఫ్రెంచ్ స్నేహితురాలు పంపే వాయిస్ మెసేజ్‌లు సగం అర్థం కావట్లేదని ఏడుస్తోంది. అలోర్, బ్రెఫ్, దు కూ లాంటి ఊతపదాలు నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేర్చాలా? బీ2 తర్వాతి మెట్టు సీ1కి కోచింగ్ ఇప్పించాలా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, అమ్మాయి అక్కడ ఎవరితోనూ కలవలేక ఒంటరిదైపోతుందేమోనని మీ అసలు భయం. అంత దూరం ఆలోచించకండి. ఆ మాటలు ఆమెకి తెలుసు. కాకపోతే పుస్తకంలో చదివిన పని ఒకటి, మాటల్లో అవి చేసే పని ఇంకొకటి.

ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకోండి: ‘అలోర్, గది గురించి అడిగాను. ఖాళీగానే ఉంది, ఆఁఫాఁ, నవంబరు నుంచి. ఓనర్ ఊళ్లో లేడు, దు కూ తాళాలు వాళ్లక్క దగ్గరున్నాయి, ఆవిడేమో ఫోన్ ఎత్తదు... బ్రెఫ్, గురువారం ఫోన్ చెయ్యి.’

ఇందులో కొంప ముంచేది ఆఁఫాఁ. ‘చివరికి’ అని చదువుకున్న మాట ఇక్కడ ముందన్నదాన్ని సవరిస్తోంది, మనం ‘అంటే, నవంబరు నుంచి అనుకో’ అన్నట్టు. పైగా వేగంగా మాట్లాడేటప్పుడు మొదటి భాగం మింగేసి ఉత్త ‘ఫాఁ’ అంటారు. అది చెవిన పడకపోతే సెప్టెంబరులోనే గది ఉందనుకుంటుంది. బ్రెఫ్ వచ్చిందంటే సోది ఆపి అసలు సంగతికి వస్తున్నారని గుర్తు. అక్క కథ అర్థం కాకపోయినా నష్టం లేదు, గురువారం అన్నది పట్టుకుంటే చాలు.

దు కూ అంటే ‘అందువల్ల’. ఈ మెసేజ్‌లో ఆ అర్థమే. కానీ ‘దు కూ, తు ఫె క్వా?’ అంటే ‘మరి, ఏం చేస్తున్నావ్?’ అంతే. అక్కడ కారణం వెతుక్కుంటూ కూర్చుంటే ఈలోపు రెండు వాక్యాలు దాటిపోతాయి. ఈ వాడకం ఫ్రెంచ్ భాషకి పెద్దదిక్కులాంటి అకాడెమీ ఫ్రాన్సేజ్‌కి నచ్చదు, అయినా కుర్రకారు నోట ఎప్పుడూ అదే.

ఆ కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. పది మాటలు బట్టీ పట్టించి ప్రతి వాక్యంలోనూ వాడమంటారు. మిగతాదంతా పుస్తక భాషలో ఉండి మధ్యలో దు కూ దూరిస్తే అతికించినట్టే వినిపిస్తుంది. ఎదుటివాళ్లు చెబుతుండగా బ్రెఫ్ అంటే ‘ఇక చాలించు’ అన్నట్టు తగులుతుంది. సొంతంగా వాడటానికి మొదట్లో అలోర్ ఒక్కటి చాలు, మన ‘అయితే’, ‘సరే’ లాంటిది. జవాబు మొదలుపెడుతూ అది అంటే ఆలోచించుకోడానికి క్షణం దొరుకుతుంది. ప్రొఫెసర్‌కి రాసే మెయిల్లో మాత్రం దు కూ బదులు అదే అర్థమున్న ‘దోంక్’ రాయమనండి.

సీ1 కోచింగ్ ఇప్పుడు వద్దు. ఈ ఇబ్బంది దానితో తీరేది కాదు.

ఇంకోమాట, కోప్పడకండి. అమ్మాయి మెసేజ్ వింటుంటే పక్కన నిలబడి ‘అర్థమైందా?’ అని అడగడం మానెయ్యండి. ఆ టెన్షన్ మీరు పెడుతున్నదే. ఒక్కో మెసేజ్ రెండుసార్లు విని, ‘ఫాఁ’ తర్వాత ఏముంది, ‘బ్రెఫ్’ తర్వాత ఏముంది, ఆ రెండే కాగితం మీద రాసుకోమనండి. అనుమానముంటే ‘నవంబరు నుంచేనా?’ అని తిరిగి అడగమనండి. ఫ్రెంచ్ వాళ్లూ ఒకరినొకరు అలాగే అడుగుతారు.