యాన్యువల్ డేలో ఐటెంకీ ఐటెంకీ మధ్య ఏం మాట్లాడాలి?

మాది నల్లగొండలో డిగ్రీ కాలేజీ. యాన్యువల్ డేకి యాంకరింగ్ నాదే. ఒక ఐటెం అయ్యాక ఇంకొకటి మొదలయ్యేలోపు ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి?

స్టేజీ సిద్ధమయ్యేంతసేపే మాట్లాడి, రాబోయే టీం పేరును ఆఖరి మాటగా చెప్పాలి. పేరు వినగానే చప్పట్లు పడతాయి. అప్పటికి మైకులు పెట్టకపోతే ఆ ఊపంతా చల్లారిపోతుంది. అందుకే సాగదీయగల నాలుగు మాటలు, మార్చని ఒక ఆఖరి వాక్యం విడివిడిగా రాసుకోండి. పక్కనున్న వాలంటీర్ చెయ్యెత్తాకే ఆ వాక్యం అందుకోవాలి.

కోలాటం తర్వాత ఒగ్గు కథ ఉందనుకోండి. కథకుడికి, డోలుకు మైకులు పెట్టాలి, నిమిషం పైనే పడుతుంది. అప్పుడు ఇలా: "ఆ ఆఖరి జడ కోపులో ఒక్క కర్ర కూడా తప్పలేదు, చూశారా! ఇప్పుడు డోలు వంతు. మల్లన్న కథ, బీరప్ప కథ మన ఊళ్లలో రాత్రంతా చెప్పేవాళ్లు." ఇంకా ఆలస్యమైతే ఒగ్గు అంటే శివుడి డమరుకమని చెప్పండి. చెయ్యి లేచాక: "మల్లన్న కథతో వస్తున్నారు, మన బీఏ సెకండియర్ ఒగ్గు బృందం!"

ప్రతి ఐటెంనూ "అద్భుతం, అమోఘం" అని పొగడటమే యాంకరింగ్ అనుకుంటారు చాలామంది. మూడోసారికే ఆ మాట ఎవరికీ వినపడదు. కళ్లతో చూసిన ఒక్క సంగతి చెప్పండి, ఆడిన పిల్లలకు అదే గుర్తుంటుంది.