టెక్ సందేహాలు: ముందు ఆ 98 శాతం సంగతి చూద్దాం

*మాది హనుమకొండ. 2024లో బీటెక్ (సీఎస్ఈ) అయిపోయి, హైదరాబాద్‌లో సపోర్ట్ జాబ్ చేస్తున్నాను. మెషిన్ లెర్నింగ్‌లోకి వెళ్లాలని ఉంది. అమెరికాలో ఎంఎస్ చేయమని, ఇల్లు తాకట్టు పెట్టయినా 40 లక్షల లోన్ తీసుకుందామని నాన్న అంటున్నారు. ఆన్‌లైన్ కోర్సు చాలని మా బావ అంటున్నాడు. నాకేమో సొంతంగా నేర్చుకోగలననే నమ్మకం ఉంది. ఎనుమాముల మార్కెట్ మిర్చి ధర చెప్పే ప్రాజెక్టు చేస్తే 98 శాతం వచ్చింది. నోట్‌బుక్ పంపుతున్నాను. ఏ దారి మంచిది?*

నోట్‌బుక్ తెరిచి చూశాను. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. ఆ 98 నిజమైన అంకె కాదు.

మార్కెట్ ధరలు ఇచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్ నుంచి దించుకున్న ఫైల్‌లో ప్రతి రోజుకూ కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర ఉంటాయి. ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధరే మోడల్ ధర, మెషిన్ లెర్నింగ్ మోడల్‌తో ఈ పేరుకు సంబంధం లేదు. మీరు మోడల్ ధరను అంచనా వేయడానికి అదే రోజు కనిష్ఠ, గరిష్ఠ ధరలను ఇచ్చారు. ఒక రోజు క్వింటాల్ కనిష్ఠం 12 వేలు, గరిష్ఠం 15,500 అనుకుందాం. అసలు ధర ఆ రెండింటి మధ్యే ఉంటుందని చెప్పడానికి మెషిన్ లెర్నింగ్ ఎందుకు? రేపటి ధర కావాల్సిన రైతు చేతిలో రేపటి కనిష్ఠం, గరిష్ఠం ఉండవు కదా. జవాబు ముందే లోపలికి జారిపోవడం అంటే ఇదే. దీన్నే డేటా లీకేజీ అంటారు.

ఇంకో చోట కూడా లీక్ ఉంది. `train_test_split` మామూలుగా వరుసలను కలిపేసి విడదీస్తుంది. అందువల్ల సోమవారం, బుధవారం ధరలు శిక్షణలోకి, మంగళవారం ధర పరీక్షలోకి వెళ్లాయి. అటూ ఇటూ ధరలు తెలిస్తే మధ్య రోజు చెప్పడం కష్టమేమీ కాదు. ఇక మీరు శాతం అంటున్నది `r2_score` ఇచ్చిన 0.98. ధరల హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని మోడల్ పట్టుకుందో అది చెబుతుంది, అది అక్యురసీ కాదు. ధర ఎన్ని రూపాయలు తప్పిందో అది చెప్పదు.

ఇప్పుడు ఇలా చేయండి. తేజ, చపాటా ధరలు వేర్వేరు కాబట్టి ఒక్క రకాన్నే తీసుకోండి. తేదీల వరుసలో పెట్టి, ఏ మోడలూ లేకుండా, నిన్నటి ధరే ఈరోజు ధర అని చెబితే ఎంత తప్పుతుందో చూడండి.

```python
from sklearn.metrics import mean_absolute_error as mae

d = df[df["variety"] == "Teja"].sort_values("date")
d["prev"] = d["modal_price"].shift(1)
d = d.dropna(subset=["modal_price", "prev"])
test = d.iloc[int(len(d) * 0.8):]
print(mae(test["modal_price"], test["prev"]))
```

కాలమ్ పేర్లను, రకం పేరును మీ ఫైల్‌లో ఉన్నట్టు మార్చుకోండి. తేదీ అక్షరాలుగా ఉంటే ముందు `pd.to_datetime`తో మార్చాలి, లేకపోతే వరుస తప్పుతుంది. జవాబు 300 రూపాయలు వచ్చిందనుకోండి. ఇప్పుడు మీ మోడల్‌కు ముందు రోజుల సమాచారం మాత్రమే ఇచ్చి, అవే చివరి 20 శాతం రోజుల మీద పరీక్షించండి. తప్పు 340 వస్తే మీ మోడల్ కన్నా మార్కెట్ గేటు దగ్గర టీ కొట్టు ఆయన మాట నయం. 270 వస్తే, చిన్నదైనా అది మీరు సాధించిందే. ధరల విషయంలో నిన్నటి ధరను దాటడమే కష్టం, కాబట్టి చిన్న తేడా వచ్చిందని నిరాశ పడొద్దు. ఇంటర్వ్యూలో 0.98 చూపిస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఈ 300, 270 కథ చెబితే ఎదుటివాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

సొంత చదువులో ఉన్న చిక్కు ఇదే. వీడియోలు, పుస్తకాలు దొరక్క ఎవరూ ఆగిపోవడం లేదు. మనం తప్పు చేసినప్పుడు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేరు, అంతే. కోడ్ ఎర్రర్ ఇస్తే తెలుస్తుంది. లీకేజీ ఎర్రర్ ఇవ్వదు, మంచి మార్కులిస్తుంది. ఆన్‌లైన్ కోర్సులో ఇది చాలావరకు తీరదు. అక్కడి అసైన్‌మెంట్లలో డేటాను శుభ్రం చేసి, విడదీసి చేతికిస్తారు. కోర్సు వల్ల వచ్చేది ఒక వరుసక్రమం. దానికి లక్షలు పెట్టనక్కర్లేదు. ఎన్‌పీటీఎల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కడితే సరిపోతుంది. మీ బావ మాటలో సగం నిజం ఉంది.

మరి మాస్టర్స్? ఒక గైడ్ కింద ఏడాది పాటు థీసిస్ చేస్తే ఇలాంటి తప్పును మొదటి నెలలోనే పట్టుకుంటారు. థీసిస్ లేకుండా క్లాసులతోనే ముగిసే ఎంఎస్‌లో ఆ హామీ లేదు. కాలేజీ పేరు కన్నా ముందు ఈ సంగతి అడగండి. రీసెర్చ్ ఉద్యోగాలే లక్ష్యమైతే మాస్టర్స్ లేకుండా గుమ్మం దాటడం కష్టం. ఉన్న మోడళ్లను వాడి, డేటా సర్ది, సాఫ్ట్‌వేర్‌లో పెట్టే పని అయితే అనుభవమే ఎక్కువ మాట్లాడుతుంది.

లోన్ లెక్క కూడా చూద్దాం. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 55 వేల రూపాయల ఈఎంఐ. చదువుతున్న కాలంలోని వడ్డీ అసలుకు చేరితే ఇంకా పెరుగుతుంది. అమెరికాలో జీతం వస్తే ఇది భారం కాదు. సైన్స్, టెక్నాలజీ డిగ్రీలకు చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, పొడిగింపుతో మరో 24 నెలలు పని చేయొచ్చు. ఆ తర్వాత హెచ్1బీ మన చేతిలో ఉండదు. తిరిగి వచ్చి ఇక్కడి జీతంతో 55 వేలు కట్టగలమా అన్నదే నాన్నతో కూర్చుని వేయాల్సిన లెక్క. ఇల్లు తాకట్టు పెట్టే పని కాబట్టి ఈ మాట మొహమాటం లేకుండా అంటున్నాను.

మీ ముగ్గురూ చెప్పని నాలుగో దారి ఒకటుంది. గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి డీఏ అని విడిగా పేపర్ పెట్టారు. సిలబస్‌లో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ఆప్టిమైజేషన్, ప్రోగ్రామింగ్, డేటాబేస్, మెషిన్ లెర్నింగ్ ఉన్నాయి. అంటే సొంత చదువుకు ఒక పట్టిక దొరికినట్టే, చివర్లో మార్కులు వేసేవాళ్లూ ఉంటారు. పరీక్ష మామూలుగా ఫిబ్రవరిలో, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సీఎస్ పేపర్ కూడా కలిపి రాయొచ్చు. గేట్‌తో ఎంటెక్‌లో చేరి స్టైపెండ్‌కు అర్హత వస్తే నెలకు 12,400 రూపాయలు. ఐఐటీ హైదరాబాద్‌లో ఏఐలోనే ఎంటెక్ ఉంది. నిట్‌ల సీట్లు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో నిండుతాయి, మన వరంగల్ నిట్ కూడా అందులోనే. ఏ బ్రాంచికి ఏ పేపర్ తీసుకుంటారో ఆ ఏడాది బ్రోచర్‌లో చూసుకోండి.

మీ స్థానంలో ఉంటే నేను ఉద్యోగం వదలను. ఇప్పుడు చూస్తున్న టికెట్ల డేటాను ఎస్‌క్యూఎల్‌తో తవ్వి, కంపెనీలోనే డేటా టీమ్ వైపు జరగడానికి ప్రయత్నిస్తాను. పొద్దున గంటన్నర డీఏ సిలబస్, ఆదివారాలు మిర్చి ప్రాజెక్టు. గణితం దగ్గర రెండు మూడు నెలల్లోనే విసుగొస్తే, ఎంఎస్‌లోనూ అదే గణితం ఎదురవుతుందని గుర్తుపెట్టుకోండి. గేట్ స్కోరు చేతికొచ్చాక ఎంటెక్కా, ఎంఎస్సా అని మళ్లీ మాట్లాడుకోవచ్చు. ఇంటి కాగితాలు అప్పటిదాకా బీరువాలోనే ఉండనివ్వండి.

తేజ రకం మీద రెండు అంకెలూ ఎంతెంత వచ్చాయో రాయండి.