బోర్డుకు అడ్వాన్సు ఇచ్చే ముందు పేరు ఖాళీగా ఉందో లేదో చూడండి

ప్రశ్న: సార్, అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర ఓళిగల షాపు పెడుతున్నాను. ఆరేళ్లుగా ఇంట్లోనే చేసి ఆర్డర్ల మీద ఇస్తున్నాను. మూడు పేర్లు అనుకున్నాం: అనంత ఓళిగలు, శ్రీ వెంకటేశ్వర ఓళిగలు, ఎర్రపెనం. బోర్డుకు 42,000 అడుగుతున్నారు, డబ్బాలు, కవర్లకు ఇంకో 47,000 అవుతుంది. జీఎస్టీలో పేరు ఎక్కితే ఆ పేరు మనదే అని తెలిసినవాళ్లు చెప్పారు. ఈ వారం అడ్వాన్సు ఇచ్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండమ్మా, ఇంకొన్నాళ్లు ఆగండి. జీఎస్టీ సర్టిఫికెట్ మీద, ఉద్యమ్ సర్టిఫికెట్ మీద పేరు ఉన్నంత మాత్రాన ఆ పేరు మీద హక్కు రాదు. వాళ్లు మీ వ్యాపారం ఏ పేరుతో నడుస్తోందో రాసుకుంటారు, అంతే. అదే పేరు ఇంకొకరికి ఉందా అని చూడరు. పేరు మీద హక్కు రెండు దారుల్లో వస్తుంది: ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్, లేదంటే అందరికంటే ముందు నుంచి ఆ పేరుతో వ్యాపారం చేస్తూ ఉండటం. ఈ రెండో దారి సంగతి చాలామందికి తెలియదు, దెబ్బ తగిలేది కూడా అక్కడే, అందుకే దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

ముందు మీ మూడు పేర్లు చూద్దాం. "అనంత ఓళిగలు" అంటే ఊరి పేరు, సరుకు పేరు కలిపి పెట్టినట్టే. పలకడానికి బాగుంటుంది కానీ సరుకును, ఊరిని మాత్రమే చెప్పే పేరుకు ట్రేడ్‌మార్క్ రావడం కష్టం, రేపు పక్క వీధిలో ఎవరైనా "అనంతపురం ఓళిగలు" అని బోర్డు పెడితే మీరు గట్టిగా అడ్డుకోలేరు. "శ్రీ వెంకటేశ్వర" విషయంలో ఇబ్బంది వేరు. ఆ పేరుతో హోటళ్లు, కిరాణా కొట్లు, స్వీట్ షాపులు మన జిల్లాలోనే లెక్కలేనన్ని ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు మీ ఓళిగ తిని మళ్లీ ఫోన్‌లో వెతికితే వేరే షాపు దొరుకుతుంది. దేవుడి పటం లోపల పెట్టుకోండి, పూజ చేసుకోండి, బోర్డు మీద మాత్రం వద్దంటాను.

"ఎర్రపెనం" నాకు నచ్చింది. ఓళిగ అని నేరుగా చెప్పడం లేదు, కానీ వినగానే పొయ్యి మీద కాలుతున్నది కళ్లముందు కనిపిస్తుంది, ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. కింద చిన్న అక్షరాలతో "నేతి ఓళిగలు" అని రాయిస్తే ఏం అమ్ముతున్నారో తెలిసిపోతుంది. ఇక ఈ పేరు ఖాళీగా ఉందా లేదా అన్నదే చూడాలి.

ipindia.gov.in లో ట్రేడ్‌మార్కుల పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్కడ అక్షరాలను బట్టి వెతికే Wordmark, పలుకును బట్టి వెతికే Phonetic ఉంటాయి, రెండూ చేయండి. తెలుగు పేర్లతో వచ్చే చిక్కు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఉంటుంది. మీరు Errapenam అని రాస్తారు, ఇంకొకరు Yerrapenam అని, మరొకరు Erra Penam అని విడదీసి రాసి ఉంటారు. పలికితే ఒకటే కాబట్టి అధికారులు వాటిని ఒకటిగానే చూస్తారు. అందుకని Wordmark లో Contains ఎంచుకుని penam అని సగం మాట మాత్రమే కొట్టండి, అప్పుడు ముందు ఏ స్పెల్లింగ్ ఉన్నా బయటపడుతుంది. అర్థం ఒకటే అయినా తంటా రావచ్చు, కాబట్టి Red Tawa అని కూడా ఒకసారి చూడండి.

వెతికేటప్పుడు క్లాస్ నంబర్ అడుగుతుంది, అంటే సరుకు లేదా సేవ ఏ రకమో చెప్పే నంబర్. స్వీట్లు 30లో వస్తాయి. అయితే షాపులో నాలుగు టేబుళ్లు వేసి అక్కడే తినడానికి పెడితే అది హోటల్ సేవ, 43 కిందికి వస్తుంది. 30లో ఖాళీగా ఉందని సంబరపడి 43 చూడకపోతే, అదే పేరుతో ఒక టిఫిన్ హోటల్ అక్కడ ఉండొచ్చు. షాపు ద్వారా అమ్మకం కాబట్టి 35 కూడా చూడండి. ఫలితాల్లో స్టేటస్ చదవడం ముఖ్యం. Registered అని ఉంటే ఆ పేరు వదిలేయండి. Objected, Opposed అని ఉంటే ఇంకా తేలలేదని అర్థం, అప్పుడూ దూరంగా ఉండటమే మంచిది. Abandoned అని కనిపిస్తే మాత్రం పేరు ఖాళీ అయిందని అనుకోకండి. దరఖాస్తును మాత్రమే వదిలేశారు, షాపు ఇంకా నడుస్తూ ఉండొచ్చు.

ఇందాక చెప్పిన రెండో దారి ఇక్కడే వస్తుంది. తిరునెల్వేలిలో ఇరుట్టుకడై హల్వా అని పాత దుకాణం ఉంది, ఇరుట్టుకడై అంటే చీకటి కొట్టు. మసక దీపం వెలుగులో అమ్మేవారు కాబట్టి జనమే ఆ పేరు పెట్టారు. తర్వాత ఇంకొకరు ఆ మాటకు ముందు ఊరి పేరు తగిలించి హల్వా అమ్మడం మొదలుపెడితే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ముందు నుంచి వాడుతున్నవారి హక్కే పెద్దదని 2015లో కోర్టు చెప్పింది. అంటే ఏ రిజిస్టర్‌లోనూ కనిపించని పాత షాపు కూడా మీ బోర్డు దించేయమని అడగగలదు. కాబట్టి గూగుల్ మ్యాప్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫుడ్ డెలివరీ యాప్‌లలో తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి వెతకండి. అనంతపురంతో ఆగకుండా కర్నూలు, హైదరాబాద్, బళ్లారి, బెంగళూరు కూడా చూడండి. మీ కొనుగోలుదారుల్లో బెంగళూరు వాళ్లు తప్పకుండా ఉంటారు.

నా దగ్గరికి వచ్చే ఒకాయన కడపలో టిఫిన్ సెంటర్ పెట్టి బోర్డు, మెనూ కార్డులు, పార్సిల్ కవర్లు అన్నీ ఒకేసారి కొట్టించారు. నాలుగో నెలలో వేరే ఊరి హోటల్ వాళ్ల లాయర్ నోటీసు వచ్చింది. బోర్డు మార్చడానికి అయిన ఖర్చుకన్నా అప్పటికే జనం నోట్లో పడ్డ పేరు పోయిందని ఆయన ఎక్కువ బాధపడ్డారు. చూస్తే నాకూ కడుపు తరుక్కుపోయింది.

ఇక డబ్బు లెక్క. బోర్డు, ప్యాకింగ్ కలిపి మీకు 89,000. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు ఒక్కో క్లాసుకు 4,500 ప్రభుత్వ ఫీజు. ఇప్పటికి 30 ఒక్కటి వేయండి, టేబుళ్లు వేసే రోజు 43 ఆలోచిద్దాం. ఏజెంటు ద్వారా వెళ్తే వాళ్ల ఫీజు వేరే ఉంటుంది, ముందే అడిగి తేల్చుకోండి. దరఖాస్తు వేశాక పేరు పక్కన TM అని రాసుకోవచ్చు. గుండ్రంలో R గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వేయకూడదు, అలా వేయడం నేరం. బోర్డు చేసేవాళ్లు అందంగా ఉంటుందని వాళ్లంతట వాళ్లే పెట్టేస్తారు, డిజైన్ చూసేటప్పుడు గమనించండి.

రిజిస్ట్రేషన్ వచ్చేదాకా షాపు ఆపనక్కర్లేదు, దానికి చాలా నెలలు పడుతుంది. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో మీ పేరు వేశాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికే నాలుగు నెలల గడువు ఉంటుంది. వెతుకులాటలో ఏమీ తగలకపోతే దరఖాస్తు వేసి, ఫ్లెక్సీ బ్యానర్‌తో షాపు తెరవండి. మొదట్లో తెల్ల డబ్బాలు కొని పేరు స్టిక్కర్ అంటించండి. పరీక్షించే అధికారి రిపోర్టులో పేరుకు పెద్ద అడ్డంకి ఏదీ రాకపోతే అప్పుడు 42,000 బోర్డు చేయించండి. అప్పటికీ ఎవరూ అడగరని హామీ ఉండదు కానీ ప్రమాదం చాలా తగ్గుతుంది.

ఇంట్లో చేసిన ఆరేళ్లూ ఏ పేరూ లేకుండా ఇచ్చి ఉంటే దరఖాస్తులో Proposed to be used, అంటే ఇకమీదట వాడబోతున్నాం అనే రాయండి, పాత తేదీ వేయకండి. వాడకం తేదీ రాస్తే దానికి బిల్లులు, ప్రమాణపత్రం చూపించాలి. షాపు తెరిచిన రోజు "ఎర్రపెనం" పేరుతో కొట్టిన మొదటి బిల్లు, స్టిక్కర్ల ప్రింటింగ్ రసీదు, తేదీ కనిపించేలా షాపు ముందు తీసిన ఫొటో ఒక ఫైల్‌లో పెట్టి ఉంచండి. రేపు ఎవరైనా మీ పేరు వాడుకుంటే, మీరు ఎప్పటి నుంచి వాడుతున్నారో చూపించేవి అవే.