ఏ దిగులుకి పరిష్కారం ఉంది, దేనికి లేదు?

*ఊళ్లో ఒంటరిగా ఉండే నాన్నకి బీపీ. రాత్రి పడుకుంటే అదే టెన్షన్. ఇందులో నేను చేయగలిగేది ఏదో, చేయలేనిది ఏదో ఎలా తెలుస్తుంది?*

దిగులును ముందు ఒక్క వాక్యంగా కాగితం మీద రాయండి. అది ఇప్పటికే జరుగుతోందా, రేపటిలోగా దాని గురించి మీరు చేయగల పని ఉందా అని చూడండి. ‘నాన్న మాత్రలు మానేస్తున్నారు’ అన్నది ఇప్పుడున్న సమస్య. ‘ఎప్పుడైనా పక్షవాతం వస్తే?’ అన్నది ఊహ.

మొదటిదానికి ‘నాన్నని జాగ్రత్తగా చూసుకోవాలి’ అని రాస్తే చాలదు. ‘రేపు ఉదయం 8 గంటలకు ఫోన్ చేసి, ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టించాలి’ అని రాయండి. 10 నిమిషాల్లో అయిపోయే పని, టైముతో సహా.

చాలామంది పొరబడేది ఇక్కడే. ‘బాగానే ఉన్నావా నాన్నా?’ అని రోజుకు ఐదుసార్లు అడగడం కూడా పనిలాగే కనిపిస్తుంది. ఫోన్ పెట్టేసిన అరగంటకే అదే భయం తిరిగొస్తే, మీరు సమస్యను పరిష్కరించలేదు, ధైర్యం కోసం వెతుక్కున్నారంతే.

పక్షవాతం ప్రశ్నకి జవాబు వెతకొద్దు. నోట్‌బుక్‌లో రాసి, రోజూ సాయంత్రం 6 గంటలకు 15 నిమిషాలు దానికి ఇవ్వండి. రాత్రి గుర్తొస్తే మర్నాటి సాయంత్రానికి వాయిదా వేయండి. మొదట్లో మనసు మొండికేస్తుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోతే సైకాలజిస్టును కలవండి.