ముందు ఆ చెక్కులు, తర్వాతే రాజీనామా

"పేద పిల్లల హాస్టల్ నడిపే ఒక సొసైటీకి ఆరేళ్లుగా కోశాధికారిగా ఉన్నాను. జీతం లేదు, ఇష్టంగానే చేశాను. ఆగస్టులో మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఆవిణ్ణి చూసుకునేది నేనొక్కదాన్నే. మానేస్తానంటే అధ్యక్షుడుగారు 'నువ్వు లేకపోతే ఎలా అమ్మా' అంటున్నారు. ఆయన మావారికి అన్నలాంటివారు. ఇంకోటి, ఆయన ఊరెళ్తూ అడిగితే ఐదు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చాను. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. ఇదీ రాజీనామాలో రాయాలా?"
– ఒక సోదరి, కాకినాడ

అమ్మా, రాజీనామా ఉత్తరం కన్నా ముందు ఆ ఐదు చెక్కుల సంగతి చూడండి. మీ ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు బయటికి రావాలన్నది ఒకరినొకరు చూసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. మీరు ముందే సంతకం పెట్టిచ్చేస్తే ఆ ఏర్పాటు లేనట్టే. పైగా మీరు రాజీనామా చేసిన మాట బ్యాంకుకి తెలియదు. కమిటీ తీర్మానం కాపీ, కొత్త కోశాధికారి సంతకం నమూనా, గుర్తింపు పత్రాలు అక్కడికి చేరేదాకా బ్యాంకు లెక్కలో మీ సంతకం చెల్లుతూనే ఉంటుంది.

చెక్కులు చింపాక పుస్తకంలో మిగిలిన చీటీలు చూసి ఆ ఐదు నంబర్లూ రాసుకోండి. "అన్నయ్యగారూ, లెక్కలు అప్పజెప్పేలోగా ఈ నంబర్లు సరిచూసుకోవాలి" అని ఆయన్ని అడగండి. వాడినవాటికి వోచర్లు తీసుకోండి. వాడనివి తిరిగి తీసుకుని, అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాసి, ఆ చీటీలకే పిన్ను చెయ్యండి. చాలామంది పెద్దవాళ్లు ఇలాంటివి బద్ధకం కొద్దీ చేస్తారే తప్ప దురుద్దేశంతో కాదు. అడగ్గానే బీరువాలోంచి తీసిచ్చేస్తారు. ఆయన దాటవేస్తే మాత్రం ఆ నంబర్లకు చెల్లింపు ఆపమని బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి, కమిటీకి విడిగా ఉత్తరం రాయండి.

విడిగా అని ఎందుకన్నానంటే, రాజీనామాలో ఫిర్యాదు కలిపితే రెండూ చెడతాయి. ఫిర్యాదుని 'కోపంతో రాసింది' అని పక్కన పెడతారు, రాజీనామాని 'అలిగింది, బుజ్జగిద్దాం' అంటారు. చెక్కులు సవ్యంగా తిరిగొస్తే ఆ మాట ఉత్తరంలో ఎత్తకపోవడం అబద్ధమేమీ కాదు. మీ అత్తగారి అనారోగ్యం నిజమైన కారణం, అదొక్కటీ చాలు.

కానీ దాన్ని 'సమయం కుదరడం లేదు' అని మాత్రం రాయకండి. అలా రాస్తే 'నెలకి రెండు గంటలే కదమ్మా' అని బేరం మొదలవుతుంది. కారణం ఒక్క వాక్యంలో, తేదీ ఇంకో వాక్యంలో రాయండి. ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన అధ్యక్షుల వారికి నమస్కారం. మా అత్తగారు పక్షవాతంతో మంచాన ఉన్నారు. ఆవిడ సంరక్షణ పూర్తిగా నేనే చూసుకోవలసి రావడం వల్ల కోశాధికారి పదవికి, కార్యవర్గ సభ్యత్వానికి ఈ నెల 30 నుంచి రాజీనామా చేస్తున్నాను. ఈలోగా నగదు పుస్తకం, వోచర్లు, రసీదు పుస్తకాలు, చెక్కు పుస్తకం, డిపాజిట్ పత్రాలు కమిటీ సూచించినవారికి అప్పగిస్తాను. బ్యాంకు ఖాతా నుంచి నా సంతకం తొలగించేలా తీర్మానం చేసి, దాని కాపీ నాకు ఇవ్వగలరు. ఆరేళ్లు పిల్లల మధ్య పనిచేసే అవకాశం ఇచ్చినందుకు మీకు, కమిటీకి కృతజ్ఞతలు."

కృతజ్ఞత ఒక్క వాక్యమే పెట్టాను, చూశారా. పొగడ్తలు పెంచితే ఉండాలని ఉందేమో అనుకుంటారు. 'క్షమించండి' అన్నది కూడా కావాలనే వదిలేశాను. పిల్లలతో గడిపిన ఏదైనా ఒక రోజు మీకు గుర్తుంటే, ఆ చివరి వాక్యంలో అది చేర్చండి. నా మాటల కన్నా అదే బాగుంటుంది.

ఉత్తరం వాట్సాప్ గ్రూపులో ముందు పెట్టొద్దు. ఆయన ఇంటికి మీరే వెళ్లి, నోటితో చెప్పి, చేతికివ్వండి. 'మావారితో చెప్పిద్దాం' అనుకోకండి. స్నేహితులిద్దరూ మాట్లాడుకుని మిమ్మల్ని ఇంకో ఏడాది ఉంచేస్తారు. రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని, కార్యదర్శికీ ఒకటి పంపండి. మీ సొసైటీ నియమావళిలో రాజీనామా ఎవరికివ్వాలో, ఎన్ని రోజుల గడువు కావాలో ఉంటుంది. తేదీ వేసేముందు అది ఒకసారి తిరగేయండి.

అప్పగింత రోజు చేతిలో ఉన్న నగదు ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. పాస్‌బుక్కులో నిల్వ, వాడని రసీదు పుస్తకాల నంబర్లు, రద్దు చేసిన చెక్కుల నంబర్లు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చెయ్యండి, చెరో కాపీ ఉంచుకోండి. రేపు ఆడిటరు ఏదడిగినా మీ దగ్గర కాగితం ఉంటుంది. కార్యవర్గం మారినట్టు సొసైటీల రిజిస్ట్రారుకు తెలియజేశారో లేదో కొన్నాళ్లకు కనుక్కోండి.

ఇన్ని చేశాక కూడా ఆయన 'పేరుకి ఉండమ్మా, పని మేం చూసుకుంటాం' అంటారు. మొహమాటపడేవాళ్లంతా ఇక్కడే దొరికిపోతారు. పేరు ఉంటే సంతకమూ మీదే, జవాబుదారీ మీదే. వాదించకండి. "నగదు పుస్తకం ఎవరికివ్వమంటారు అన్నయ్యగారూ?" అని మాత్రం అడగండి.