డోపమిన్ తక్కువైతే డోపమిన్‌నే ఎక్కించరెందుకు?

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. పార్కిన్సన్స్ ఉంది. మెదడులో డోపమిన్ తగ్గిందన్నారు. అట్లయితే డోపమిన్ ఇంజెక్షనే వేస్తే పోదా? రోజుకు మూడుసార్లు లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర వేసుకుంటాడు. వాంతి వచ్చినట్లుందంటే మెడికల్ షాపులో మెటోక్లోప్రమైడ్ ఇచ్చినారు. అప్పటి నుంచి ఇంకా బిగుసుకుపోతున్నాడు. మధ్యాహ్నం మాత్ర అసలు పనిచేయడం లేదు.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందుగా ఆ మెటోక్లోప్రమైడ్ గురించి ఈ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. నాన్నగారు బిగుసుకుపోవడానికి అదే కారణం కావచ్చు. ఎందుకో తెలియాలంటే మెదడులోని సన్నటి రక్తనాళాల గోడ గురించి కొంచెం చెప్పాలి.

శరీరంలో చాలాచోట్ల ఈ నాళాల కణాల మధ్య సందులుంటాయి. మందు వాటిలోంచి బయటికి వస్తుంది. మెదడులో ఆ కణాలు సందు లేకుండా గట్టిగా అతుక్కుని ఉంటాయి. లోపలికి పోవాలంటే కణాన్నే దాటాలి. కణం పొరలో ఉండేది కొవ్వు. కొవ్వులో కరిగే చిన్న అణువులు దాటగలవు. అలాంటి వాటిలోనూ కొన్నింటిని అక్కడి పంపులు మళ్లీ రక్తంలోకి నెట్టేస్తాయి. డోపమిన్ కొవ్వులో కరగదు, అందుకే బయటే ఆగిపోతుంది. ఇంజెక్షన్ ఇస్తే గుండె, బీపీ మీద పనిచేస్తుంది. ఐసీయూలో వాడేది అందుకే.

లెవోడోపా అమైనో ఆమ్లం. మనం తిన్న ప్రొటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలను మెదడులోకి చేర్చే వాహకాలు ఆ గోడలో ఉన్నాయి. లెవోడోపా వాటి మీదే లోపలికి వెళ్లి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది. అయితే దారిలోనే చాలావరకు మారిపోతే వృథా, పైగా వికారం. అది జరగకుండా చూసేది కార్బిడోపా. అది తాను మెదడులోకి పోదు కాబట్టి, లోపలి మార్పుకు అడ్డు రాదు. ఈ పని సరిగా జరగాలంటే కార్బిడోపా రోజుకు సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాములు అందాలి. ఒక్కో మాత్రలో 10 మిల్లీగ్రాములే ఉంటే మూడింటికి 30 మాత్రమే. 25 ఉంటే 75 అవుతుంది. మీ స్ట్రిప్ మీద ఎంత రాసి ఉందో చూడండి. వికారానికి కారణం అక్కడే దొరకవచ్చు.

వికారాన్ని పసిగట్టే మెదడు భాగానికి ఈ గట్టి గోడ లేదు. అందుకే డోంపెరిడోన్ అనే వాంతుల మందు గోడ దాటకపోయినా అక్కడ పనిచేస్తుంది. మెటోక్లోప్రమైడ్ మాత్రం గోడ దాటి, అసలే తక్కువగా ఉన్న డోపమిన్ పనికి అడ్డుపడుతుంది. డోంపెరిడోన్ గుండె లయను మార్చగలదు కాబట్టి దాన్నీ డాక్టరు చెబితేనే, అవసరమైతే ఈసీజీ చూసుకుని వాడాలి.

ఇక మధ్యాహ్నం సంగతి. సంగటిలోకి పప్పో, కోడికూరో తిన్నాక మాత్ర వేసుకుంటున్నారేమో గమనించండి. ఆ ప్రొటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలకూ లెవోడోపాకూ వాహకం ఒకటే. సీట్లు నిండిన బస్సులో మాదిరి మందు బయటే మిగిలిపోతుంది. భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసి చూడండి. వికారంగా ఉంటే ఒక బిస్కెట్టు తినవచ్చు. పప్పు, గుడ్డు మానేయించకండి, ఈ వయసులో కండ కరిగిపోతుంది. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం రాత్రి భోజనానికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి. లెవోడోపాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉన్నట్టుండి ఆపవద్దు, అది ప్రాణం మీదికి తెస్తుంది.