డిపాజిట్ అడిగే ఉత్తరం బెదిరింపు కాకూడదంటే

"అక్కా, మెత్తగా అడిగితే ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా అడిగితే బెదిరిస్తున్నవ్ అంటున్నడు. మరి ఎట్ల అడగాలె?"

పోయిన ఆగస్టులో ఒక పొద్దున పరకాల నుంచి వచ్చిన అబ్బాయి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. మేము డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో 16 ఏళ్లుగా ఉంటున్నాం. మాది కాజీపేట. మన వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు ఏదో ఒక సందేహంతో ఫోన్ చేస్తూనే ఉంటారు, వాటిలో ఇంటి డిపాజిట్ గొడవలే ఎక్కువ. ఈ అబ్బాయి సంగతి అతన్ని అడిగే రాస్తున్నాను. ఇలాంటి తప్పు మంచి పిల్లలే ఎక్కువగా చేస్తారు.

అతను అద్దెకున్న ఇంటి ఓనరు కూడా తెలుగాయనే, కరీంనగర్ వైపు. జూన్ 30న ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశాడు. కొత్త అడ్రసు కాగితం మీద రాసి తాళాలతో పాటే ఇచ్చి, ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఇది చాలా మంచి పని, ఎందుకో కింద చెప్తాను. రావాల్సిన డిపాజిట్ 1,200 డాలర్లు.

జూలైలో అతను వాట్సాప్‌లో నాలుగు మెసేజ్‌లు పెట్టాడు. "అన్నా, వీలుంటే డిపాజిట్ సంగతి కొంచెం చూడండి." "అన్నా, బిజీగా ఉన్నారా?" ఇంకో రెండు కూడా ఇట్లాంటివే. వీటిలో ఎంత రావాలో లేదు, ఎప్పటిలోగా కావాలో లేదు. ఆయన వైపు నుంచి చూస్తే జవాబు చెప్పాల్సిన ప్రశ్నే లేదు. చివరికి ఒక్క లైను వచ్చింది: "కార్పెట్ ఖరాబైంది, ఏం మిగల్లేదు." ఆగస్టు 6 రాత్రి పన్నెండు దాటాక మనవాడు ఇట్లా కొట్టాడు:

"నా పైసలు ఎట్లియ్యవో నేనూ చూస్త. నన్ను ఎవరనుకుంటున్నవ్? నీ ఆఫీసుల చెప్త, నీ వీసా సంగతి చూస్త. అందరికీ నీ గురించి పోస్టు పెడ్త. తర్వాత నన్ను అనొద్దు."

తెల్లారేసరికి జవాబు వచ్చింది: "ఇది బెదిరింపు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న. ఇంకో మెసేజ్ వస్తే పోలీసులకు ఇస్త."

ఆ నాలుగు మెత్తని మెసేజ్‌లకూ ఈ అర్ధరాత్రి మెసేజ్‌కూ మధ్య తేడా నాకు పెద్దగా కనిపించలేదు. రెండింటిలోనూ అసలు విషయం లేదు. మొదటివాటిలో మొహమాటం ఉంది, చివరిదాంట్లో కోపం ఉంది. మొదటే లెక్కా తేదీ చెప్పి ఉంటే ఆ కోపం అంత పేరుకుపోయేదే కాదు.

ఇప్పుడు ఆ మాటలనే దగ్గరగా చూద్దాం. "చూస్త", "వదిలిపెట్టను", "ఎంత దూరమైనా పోత" అని మనం ఎన్నిసార్లు అనుకోం? హన్మకొండ చౌరస్తాలో ఇద్దరు అట్లా అనుకుంటే వినేవాళ్లకు దాని తూకం తెలుసు. చాయ్ తాగేలోపు చల్లారే మాటలని తెలుసు. కానీ రాతలోకి వచ్చాక ఆ గొంతు వినపడదు. పైగా ఇక్కడ గొడవ కోర్టుకు పోతే ఆ మెసేజ్‌ను ఎవరో ఇంగ్లీషులోకి మారుస్తారు. "నీ సంగతి చూస్త" అనేది ఇంగ్లీషులో నేరుగా హాని చేస్తానన్నట్టే వినిపిస్తుంది. చదివే జడ్జికి చౌరస్తా తెలియదు.

ఇంకోటి, "అన్నా, మీరు" అన్న నోటితోనే "నువ్వు" అనడం. మన దగ్గర అన్నను ప్రేమగా నువ్వంటాం, అందులో తప్పేం లేదు. నాలుగు మెసేజ్‌లలో మీరని ఐదోదాంట్లో నువ్వు అంటే మాత్రం అది కొట్లాటకు పిలిచినట్టే. మొదలుపెట్టిన మర్యాదను చివరిదాకా ఉంచాలి.

అన్నింటికంటే ప్రమాదం ఆఫీసు, వీసా, పోస్టు అన్న మాటలతో. డిపాజిట్ ఇవ్వకపోతే దావా వేస్తాననడం మీ హక్కు గురించి చెప్పడం. డిపాజిట్ ఇవ్వకపోతే మీ ఉద్యోగానికి ఎసరు పెడతాననడం వేరే సంగతి. బాకీకి సంబంధం లేని చోట మనిషిని నొప్పిస్తానని చెప్పి డబ్బు తీసుకోవడం అవుతుంది. టెక్సస్ శిక్షాస్మృతిలో బలవంతపెట్టడం అంటే ఏమిటో రాసిన చోట కొట్టడం, చంపడం గురించి మాత్రమే లేదు. నేరం అంటగడతానని, నలుగురిలో చులకన చేస్తానని, వ్యాపారం పేరు చెడగొడతానని బెదిరించడం కూడా అందులోనే ఉంది. డబ్బు నిజంగా మనకు రావాల్సిందే అయినా ఇట్లా అడగకూడదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఒక పోలీసు ఫిర్యాదు ఎంత టెన్షనో నేను వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ముందు ఆ మెసేజ్‌ను వెనక్కి తీసుకోమన్నాను. అతను ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. "తప్పు ఆయనది కదక్కా" అన్నాడు. నిజమే, డిపాజిట్ విషయంలో తప్పు ఆయనదే. ఆ మెసేజ్ తప్పు మాత్రం ఇతనిది. రెండూ కలిపితే రెండూ పాడవుతాయి. చివరికి ఇంతే పంపాడు: "అన్నా, ఆగస్టు 6 రాత్రి మీ ఆఫీసు గురించి, వీసా గురించి రాసిన మాటలు తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. అట్లాంటివేవీ చేయను. డిపాజిట్ గురించి విడిగా ఉత్తరం పంపుతున్నాను." ఇందులో "కానీ మీరు" అనే ముక్క రానివ్వలేదు. ఆ ముక్క వస్తే క్షమాపణ మళ్లీ కొట్లాట అవుతుంది.

ఉత్తరం రాసే ముందు చట్టం ఏమంటుందో ఇద్దరం చదివాం. టెక్సస్‌లో ఇల్లు అప్పజెప్పిన 30 రోజుల్లోగా ఓనరు డిపాజిట్ తిరిగివ్వాలి, లేదా ఎందుకు ఎంత పట్టుకున్నాడో వివరాల జాబితా ఇవ్వాలి. మామూలుగా ఉంటే వచ్చే అరుగుదలకు పట్టుకోకూడదు. అయితే మన కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆయన మీద ఈ బాధ్యత పడదు. అందుకే ఆ కాగితం ఫొటో అంత విలువైంది. 30 రోజులు దాటితే దురుద్దేశంతో పట్టుకున్నట్టు కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సింది ఓనరే. దురుద్దేశమని తేలితే 100 డాలర్లు, అన్యాయంగా పట్టుకున్న మొత్తానికి మూడింతలు, లాయరు ఖర్చులు ఆయన కట్టాలి. ఇది టెక్సస్ మాట. కాలిఫోర్నియాలో గడువు 21 రోజులు, న్యూజెర్సీలో 30 రోజులు, అక్కడ కట్టాల్సింది మూడింతలు కాదు, రెట్టింపు. మీరున్న రాష్ట్రం చట్టం చూసుకోకుండా ఈ అంకెలు ఎత్తి రాయకండి. తప్పు అంకె పడితే ఎదుటివాళ్లు ముందు దాన్నే పట్టుకుంటారు.

అప్పుడు నేనొక మాట అడిగాను: "కార్పెట్ నిజంగా ఖరాబైందా?" కాసేపు ఆగి, హాల్లో ఇస్త్రీ పెట్టె ఆని అరచేయంత మరక పడిందని చెప్పాడు. అది ఉత్తరంలో రాయమన్నాను. భయపడ్డాడు. ఒప్పుకుంటే మన పక్షం పలచనవుతుందని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో అది ఉత్తరానికి బలమే ఇచ్చింది. మనం దాచింది ఎదుటివాళ్లు ఫొటోతో బయటపెడితే మిగిలిన మాటలు కూడా ఎవరూ నమ్మరు.

ఇంగ్లీషులో పంపిన ఉత్తరం తెలుగులో చెప్తే ఇది:

"ఆగస్టు 9. జూన్ 30న నేను ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగించాను. నా కొత్త అడ్రసు అదే రోజు రాసి ఇచ్చాను, దాని ఫొటో జతచేస్తున్నాను. డిపాజిట్ 1,200 డాలర్లు. జూలై 30తో 30 రోజుల గడువు అయిపోయింది. నాకు డిపాజిట్ గానీ, మినహాయింపుల జాబితా గానీ రాలేదు. హాల్లో కార్పెట్ మీద ఇస్త్రీ పెట్టె మరక నా వల్ల వచ్చింది. దాన్ని బాగు చేయించిన ఖర్చు రసీదు పంపితే అది మినహాయించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మిగిలిన మొత్తం ఆగస్టు 20లోగా కింది అడ్రసుకు చెక్కు రూపంలో పంపండి. ఆలోగా రాకపోతే జస్టిస్ కోర్టులో దావా వేస్తాను, టెక్సస్ ప్రాపర్టీ కోడ్ సెక్షన్ 92.109 కింద రావాల్సినవి కూడా అడుగుతాను. ఏమైనా మాట్లాడాలంటే ఈమెయిల్‌లో రాయండి."

అతను మొదట రాసుకొచ్చిన ప్రతిలో "మీ మోసం", "సిగ్గుండాలి", "స్టూడెంట్లను దోచుకునే మీలాంటివాళ్లు" అని ఉన్నాయి. అవన్నీ కొట్టేశాం. ఆయన మనసులో ఏముందో మనం నిరూపించలేం, తేదీలు మాత్రం నిరూపించగలం. "చట్టపరమైన తీవ్ర పరిణామాలు ఎదుర్కోవాల్సి వస్తుంది" అన్న వాక్యం కూడా తీసేశాం. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, ఏం చేస్తామో అందులో లేదు. ఏం చేస్తాడో తెలియకపోవడమే కదా భయం. ఏ కోర్టు, ఏ తేదీ, ఏ సెక్షన్ అని రాస్తే చదివినవాళ్లకు లెక్క అందుతుంది. దావా వేస్తాననే మాట కూడా నిజంగా వేసే ఉద్దేశం ఉంటేనే రాయాలి. ఈ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా తగాదాలు తీసుకుంటారు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. దరఖాస్తు ఎట్లుంటుందో, ఫీజు ఎంతో అతను ముందే చూసిపెట్టుకున్నాడు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులతో ఉచితంగా మాట్లాడే లాయరు ఉంటారు, పంపేముందు ఆ ఉత్తరం వాళ్లకు చూపించడం కూడా మంచిదే.

ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం కార్డు తిరిగొచ్చేలా పంపాం. మా నాయన ఏ కాగితమైనా రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చేదాకా పోస్టుమాన్ కోసం ఎదురుచూసేవాడు. కాజీపేటలో మేము ఖాళీ చేసిన ఒక ఇంటి అడ్వాన్సు కూడా అట్లాగే రాబట్టుకున్నాడు. ఆయన ఉత్తరాల్లో తేదీలే ఉండేవి, తిట్లు ఉండేవి కాదు. ఒకే ఉత్తరం రాసి గడువు దాకా నోరెత్తేవాడు కాదు. ఈ అబ్బాయికి అన్నింటికంటే కష్టమైంది ఇదే. ఆగస్టు 9 నుంచి 20 దాకా ఒక్క మెసేజ్ కూడా పెట్టొద్దన్నాను. గడువు ఇచ్చి మధ్యలో రోజూ గుర్తుచేస్తే ఆ గడువుకు విలువ ఉండదు. పైగా అది వేధింపు కిందికి కూడా రావచ్చు. మధ్యలో రెండుసార్లు నాకు ఫోన్ చేసి, "ఒక్కసారి అడగనా అక్కా" అన్నాడు. వద్దన్నాను.

ఆగస్టు 18న కవరు వచ్చింది. కార్పెట్ బాగు చేసినవాళ్ల రసీదు 185 డాలర్లది, దాంతో పాటు 1,015 డాలర్ల చెక్కు ఉన్నాయి. అదే సాయంత్రం అతను ఈమెయిల్ పెట్టాడు: "చెక్కు, రసీదు అందాయి. లెక్క సరిపోయింది. ఈ విషయం ఇంతటితో ముగిసింది. థాంక్యూ అన్నా."